స్కేలు గీతలతో వెలుగు కొలత

మామూలు స్టీలు స్కేలు మీద పక్కపక్క గీతల మధ్య దూరం ఒక మిల్లీమీటరు. ఎర్ర లేజర్ కాంతి తరంగదైర్ఘ్యం, అంటే ఒక అల తల నుంచి పక్క అల తల దాకా ఉండే పొడవు, అందులో సుమారు పదిహేను వందో వంతు. ఆ స్కేలుతో ఈ పొడవు కొలుస్తానని ఎవరైనా అంటే వేళాకోళమనుకుంటాం. 1965లో ఆ మాట అన్నవాడు ఆర్థర్ షాలో. లేజర్ అనేది సాధ్యమేనని 1958లో చార్లెస్ టౌన్స్‌తో కలిసి సిద్ధాంతం రాసినవాడు, తర్వాత 1981లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్నవాడు. ‘అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్’లో వచ్చిన ఆయన చిన్న వ్యాసం స్కేలుతో కాంతి తరంగదైర్ఘ్యం ఎలా కొలవాలో చెబుతుంది. అప్పటికి లేజర్ పుట్టి అయిదేళ్లే. ప్రయోగశాల దాటి పెద్దగా బయటికి రాని ఖరీదైన వస్తువది. ఇవాళ లేజర్ పాయింటర్ ఫ్యాన్సీ షాపులో దొరుకుతోంది. స్కేలు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

షాపులో కొన్న పాయింటర్ మీద చీటీ చదివితే చాలాసార్లు 630–680 నానోమీటర్లు అని ఉంటుంది. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షో వంతు. అంటే మీ చేతిలో ఉన్నది 635 కావచ్చు, 650 కావచ్చు, 670 కావచ్చు, అమ్మినవాడికీ తెలియదు. దాన్ని తేల్చుకోవడానికి ఇంట్లోనే రెండు దారులున్నాయి. ఒకటి స్టీలు స్కేలు, రెండోది అటక మీద పడి ఉన్న పాత సీడీ. సీడీతో పని తొందరగా అయిపోతుంది, స్కేలుతో కాస్త ఓపిక కావాలి. అయినా ముందు స్కేలు దగ్గరికే వెళ్దాం. ఎందుకో సీడీ దగ్గరికొచ్చాక తెలుస్తుంది.

స్కేలు మీద నల్లటి గీతలు వెలుగుని మింగేస్తాయి. వాటి మధ్యనున్న మెరిసే స్టీలు పట్టీలు దాన్ని వెనక్కి పంపుతాయి. ఒక్కో పట్టీ నుంచి బయల్దేరిన అలలు గాల్లో కలుసుకున్నప్పుడు, కొన్ని దిక్కుల్లో అన్నిటి తలలూ ఒకేసారి లేస్తాయి. ఆ దిక్కున గోడ మీద చుక్క వెలుగుతుంది. మిగతా దిక్కుల్లో ఒకరు లేచేసరికి ఇంకొకరు కుంగి, ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. అక్కడ చీకటి. సమాన దూరాల్లో గీతలుండి ఇలా పనిచేసే పలకని గ్రేటింగ్ అంటారు. మన స్కేలు కూడా గ్రేటింగే, కాకపోతే చాలా మోటు గ్రేటింగ్.

ఎంత మోటంటే, దాని మీదికి లేజర్‌ని నిట్టనిలువుగా కొడితే ఏమీ కనిపించదు. చుక్కలు ఏర్పడతాయి, కానీ మూడు మీటర్ల దూరంలో కూడా చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం రెండు మిల్లీమీటర్లే. పాయింటర్ చుక్క వెడల్పే మూడు మిల్లీమీటర్లుంటుంది. అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఒకే ఎర్రటి మరకలా కనిపిస్తాయి. షాలో చేసిందల్లా లేజర్‌ని దాదాపు పడుకోబెట్టడం. కిరణం స్కేలు ఉపరితలాన్ని రాసుకుంటూ పోయేలా, ఒకటి రెండు డిగ్రీల వాలుతో కొట్టడం.

కాలవ గట్టున వరసగా నాటిన కొబ్బరిచెట్లని అవతలి గట్టు నుంచి ఎదురుగా చూస్తే ఎడంఎడంగా కనిపిస్తాయి. అదే వరసని గట్టు చివర నిలబడి చూస్తే చెట్లన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నట్టుంటాయి. వాలుగా వచ్చే కిరణానికి స్కేలు గీతలు అలాగే కనిపిస్తాయి. 1.7 డిగ్రీల వాలు నుంచి చూస్తే మిల్లీమీటరు ఎడం కుదించుకుపోయి మిల్లీమీటరులో వందకి మూడు వంతులవుతుంది. గ్రేటింగ్ గీతలు ఎంత దగ్గరైతే చుక్కలు అంత దూరం జరుగుతాయి. ఇందాక రెండు మిల్లీమీటర్లున్న ఎడం ఇప్పుడు అయిదు సెంటీమీటర్లు.

లెక్క కూడా ఇక్కడి నుంచే పుడుతుంది. స్కేలు వెంబడి వస్తున్న కాంతిలో ఒక భాగం ఒక పట్టీని తాకింది, ఇంకో భాగం కాస్త ముందుకి పోయి పక్క పట్టీని తాకింది అనుకోండి. రెండో భాగం వచ్చేటప్పుడు ఎక్కువ దూరం నడిచింది, గోడకి వెళ్లేటప్పుడు దానికి తక్కువ దూరం మిగిలింది. వచ్చిన కోణమూ వెళ్లే కోణమూ సమానమైతే ఎక్కువా తక్కువా సరిపోతాయి. అది అద్దంలో జరిగే మామూలు పరావర్తనం, దాని చుక్కని సున్నా చుక్క అందాం. వెళ్లే కోణం పెరిగే కొద్దీ రెండో భాగం నికరంగా వెనకబడుతుంది. ఆ వెనకబాటు సరిగ్గా ఒక తరంగదైర్ఘ్యమైన చోట ఒకటో చుక్క, రెండైన చోట రెండో చుక్క. సూత్రంగా రాస్తే ఇంతే:

d (cos α − cos β) = m λ

ఇక్కడ d గీతల ఎడం, α స్కేలు ఉపరితలంతో లేజర్ చేసే వాలు, β అదే ఉపరితలం నుంచి చుక్క దాకా లేచిన కోణం, m చుక్క వరస సంఖ్య, λ మనకి కావలసిన తరంగదైర్ఘ్యం.

స్కేలు ఎంచుకోవడంలో ఒక జాగ్రత్త ఉంది. గీతలు చెక్కి నలుపు నింపిన స్టీలు స్కేలు కావాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికే, మిల్లీమీటరు మందమున్న 30 సెంటీమీటర్ల స్కేలు సరిపోతుంది. పలచటిది వంగుతుంది. కొన్ని మంచి స్కేళ్లు కళ్లకి మెరుపు కొట్టకుండా మసకగా ఉంటాయి, అవి పనికిరావేమో అని దిగులు పడక్కర్లేదు. చాలా వాలుగా వచ్చే కాంతికి మసక లోహం కూడా అద్దమే. స్కేలుని కంటి మట్టానికి ఎత్తి, వెలుగున్న కిటికీ వైపు దాని పొడవునా చూస్తే తెలుస్తుంది.

స్కేలుని బల్ల మీద పడుకోబెట్టి, పొడుగు గోడ వైపు చూసేలా ఉంచాలి. అప్పుడు గీతలు కిరణానికి అడ్డంగా ఉంటాయి. స్కేలు సగం బల్ల అంచు దాటి బయటికి ఉండాలి, వెనక కొసని టేపుతో బల్లకి అంటించాలి. అంచు దాటించడం ఎందుకంటే, తర్వాత స్కేలుని తీసేసినప్పుడు లేజర్ బల్లకి తగలకుండా నేరుగా గోడ మీద పడాలి. లేజర్‌ని అర మీటరు వెనక, స్కేలు మట్టానికి ఒకటిన్నర సెంటీమీటర్ల ఎత్తున, కొద్దిగా కిందికి వంచి పెట్టాలి. బట్టల క్లిప్పు తగిలిస్తే మీట నొక్కే ఉంటుంది, చెయ్యి వణకదు. మూడు మిల్లీమీటర్ల కిరణం ఇంత వాలుగా పడితే స్కేలు మీద పది సెంటీమీటర్ల పొడవునా పరుచుకుంటుంది. వంద గీతలు ఒకేసారి పనిలోకి దిగుతాయన్నమాట. ఎన్ని ఎక్కువ గీతలు కలిస్తే చుక్కలు అంత చిన్నగా, పదునుగా వస్తాయి.

ఈ ప్రయోగంలో కళ్లకి ప్రమాదం ఒకచోట ప్రత్యేకంగా ఉంది. కిరణం స్కేలుని సరిగ్గా రాసుకుంటోందో లేదో చూడాలని అందరికీ వంగాలనిపిస్తుంది. వంగితే కన్ను సరిగ్గా కిరణాల దారిలోకి వస్తుంది. గోడ వైపు నుంచి స్కేలు మట్టానికి తల దించకూడదు. పడుతోందో లేదో గోడ మీద చుక్కల్నే చూసి సర్దుకోవాలి. పిల్లలు చేస్తుంటే బల్లకీ గోడకీ మధ్య ఎవరూ నడవకుండా చూడండి. పాయింటర్ ఒక మిల్లీవాటుకి మించనిదైతే మేలు. చవక రకాల్లో చీటీ మీద రాసినదానికంటే ఎక్కువ బలం ఉండొచ్చు కాబట్టి, చీటీని నమ్మి జాగ్రత్త తగ్గించవద్దు.

అంతా కుదిరితే గోడకి అంటించిన కాగితం మీద కిందినుంచి పైకి నిచ్చెన మెట్లలా చుక్కలు కనిపిస్తాయి. పైకి వెళ్లే కొద్దీ ఎడం తగ్గుతూ వస్తుంది. ప్రతి చుక్క నడిమీ పెన్సిలుతో గుర్తు పెట్టండి. సున్నా చుక్క ఏదో అనుమానమొస్తే, గీతల్లేని ఖాళీ భాగం మీద కిరణం పడేలా స్కేలుని జరపండి. మిగతావన్నీ మాయమై ఒక్కటే మిగులుతుంది. అదే సున్నా చుక్క. చివరగా స్కేలుని తీసేయండి. లేజర్ నేరుగా పోయి గోడ మీద ఇంకా కింద పడుతుంది. దాన్నీ గుర్తు పెట్టాలి, ఎందుకంటే ఈ ప్రయోగం మొత్తానికి కీలకమైన గుర్తు అదే.

కోణాలన్నీ స్కేలు ఉపరితలం నుంచి లెక్కపెట్టాలి కదా. ఆ ఉపరితలాన్ని గోడ దాకా పొడిగిస్తే ఎక్కడ తగులుతుందో కంటితో చూసి చెప్పలేం. బల్ల ఒక పిసరు వంగి ఉన్నా, స్కేలు కొస కాస్త వాలినా మూడు మీటర్ల దూరంలో అది సెంటీమీటరు తేడా. కానీ అద్దం నియమం మనకి సాయం చేస్తుంది. నేరు కిరణం ఆ ఉపరితలానికి ఎంత కిందికి దిగుతుందో, సున్నా చుక్క అంతే పైకి లేస్తుంది. కాబట్టి ఆ రెండు గుర్తులకీ సరిగ్గా మధ్య బిందువే మన కొలతలకి మొదలు. అన్ని ఎత్తులూ అక్కడి నుంచే కొలవాలి.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. స్కేలు మీద వెలుగు పరుచుకున్న భాగం నడుమ నుంచి గోడకి దూరం 3000 మిల్లీమీటర్లు. నేరు చుక్కకీ సున్నా చుక్కకీ మధ్య 180 మిల్లీమీటర్లు, అందులో సగం 90. అంటే సున్నా చుక్క ఎత్తు 90. మధ్య బిందువు నుంచి ఆ పై చుక్కల ఎత్తులు వరసగా 141, 178, 208, 235 మిల్లీమీటర్లు. ఈ అంకెలు చూస్తే వాటిలో క్రమమేదీ కనిపించదు. 51, 37, 30, 27 అని ఎడాలు తగ్గుతున్నాయంతే. ఇప్పుడు ఒక్కో ఎత్తునీ దానితోనే గుణించి వర్గాలు రాయండి: 8100, 19881, 31684, 43264, 55225. పక్కపక్క వర్గాల తేడాలు 11781, 11803, 11580, 11961. కొలతల్లో అటూ ఇటూ అర మిల్లీమీటరు తేడాలు పోతే, అన్నీ ఒకటే అంకె చుట్టూ తిరుగుతున్నాయి. ఎత్తులు సమానంగా పెరగవు, ఎత్తుల వర్గాలు సమానంగా పెరుగుతాయి. నాకు ఈ ప్రయోగంలో అన్నిటికన్నా ముచ్చటగా అనిపించేది ఇదే.

కారణం పైన రాసిన సూత్రంలోనే ఉంది. చిన్న కోణానికి కొసైన్ ఒకటి కంటే ఎంత తక్కువో ఆ లోటు, కోణం వర్గంలో సగం. కోణమంటే ఇక్కడ దాదాపుగా ఎత్తుని గోడ దూరంతో భాగించగా వచ్చినది. అందుకని కొసైన్లు తీసేసి సూత్రాన్ని ఇలా రాసుకోవచ్చు. Y ఎత్తు, L గోడ దూరం:

λ = d (yₘ² − y₀²) / (2 m L²)

నాలుగో చుక్కకి వేద్దాం. 55225 నుంచి 8100 తీస్తే 47125. నాలుగుతో భాగిస్తే సుమారు 11781. గోడ దూరం వర్గానికి రెట్టింపు, అంటే ఒక కోటీ ఎనభై లక్షలతో దాన్ని భాగిస్తే 0.000654 మిల్లీమీటర్లు, అంటే 654 నానోమీటర్లు. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉంది కాబట్టి అడ్డదారి మానేసి అసలు కొసైన్లతోనే వేస్తే 651 వస్తుంది. ఈ ఎత్తుల దగ్గర అడ్డదారి మూడు నానోమీటర్లు ఎక్కువ చూపిస్తుందన్నమాట.

ఈ 651ని ఎంతవరకు నమ్మొచ్చు? గోడ దూరంలో ఒక సెంటీమీటరు తప్పితే, దూరం వర్గమవుతుంది కాబట్టి ఫలితం నాలుగు నానోమీటర్లు కదులుతుంది. నాలుగో చుక్క ఎత్తులో ఒక మిల్లీమీటరు తప్పితే ఆరున్నర. కాబట్టి 651 అని కాక, 643–659 మధ్య ఎక్కడో ఉందని చెప్పడం నిజాయతీ. నలభై రూపాయల స్కేలుకి వందకి ఒకటి కాస్త మించిన తప్పు చిన్న ఘనత కాదు. పదో చుక్క దాకా కనిపిస్తే దాని ఎత్తు 35 సెంటీమీటర్లు దాటుతుంది, అప్పుడు మిల్లీమీటరు తప్పు అంతగా బాధించదు. ఆ ఎత్తులో మాత్రం అడ్డదారి సూత్రం వాడకూడదు, కొసైన్లే వెయ్యాలి.

తప్పులు జరిగినప్పుడు ఈ ప్రయోగం దాచుకోదు, అదొక సుగుణం. చాలామంది చేసే పొరపాటు మధ్య బిందువు సంగతి మరిచి, ఎత్తుల్ని కింది నేరు చుక్క నుంచే కొలవడం. మన ఉదాహరణలో అలా కొలిస్తే ఎత్తులు 180, 231, 268, 298, 325 అవుతాయి. వాటి వర్గాల తేడాలు 20961, 18463, 16980, 16821. చూడండి, సమానంగా లేవు సరికదా ఒకే దిక్కుగా దిగిపోతున్నాయి. అటూ ఇటూ ఊగితే చేతి తప్పు, ఒకే దిక్కుగా జారుతుంటే మొదలు తప్పు. దాన్ని పట్టించుకోకుండా లెక్క పూర్తి చేస్తే 1017 నానోమీటర్లు వస్తుంది. అది పరారుణ కాంతి, కంటికి కనిపించదు. కళ్లెదుట ఎర్రగా వెలుగుతున్న చుక్కకి అలాంటి జవాబు రావడమే తప్పు జరిగిందనడానికి రుజువు.

రెండో పొరపాటు గీతల ఎడం దగ్గర. చాలా స్టీలు స్కేళ్లకి ఒక అంచున అర మిల్లీమీటరు గీతలుంటాయి. అవి పొట్టివి, మిల్లీమీటరు గీతలు ఇంకాస్త పొడుగు, అయిదూ పదీ మరీ పొడుగు. కిరణం అంచుకి దగ్గరగా పడితే అన్ని గీతలూ తగిలి ఎడం అర మిల్లీమీటరవుతుంది. కాస్త లోపలికి పడితే పొట్టి గీతలు తప్పిపోయి ఎడం ఒక మిల్లీమీటరు. ఇంకా లోపలికి జరిగితే అయిదేసి మిల్లీమీటర్లకో గీత మాత్రమే మిగిలి, చుక్కలు కిక్కిరిసిపోతాయి. ఏది పడుతోందో గుర్తించకుండా లెక్క వేస్తే జవాబు రెట్టింపో సగమో అవుతుంది. 650 బదులు 325 వచ్చిందనుకోండి, అది అతినీలలోహితం. 1300 వచ్చిందనుకోండి, పరారుణం. కంటికి కనిపించే వెలుగు సుమారు 400 నుంచి 700 మధ్యలోనే ఉంటుంది కాబట్టి ఈ తప్పు కూడా వెంటనే బయటపడుతుంది.

ఇక సీడీ. దీన్ని వాడటం ఎంతో సులువు. సీడీలో సమాచారం లోపలి నుంచి బయటికి ఒకే సుడి గీతగా చుట్టి ఉంటుంది. ఆ చుట్టుకీ పక్క చుట్టుకీ ఎడం 1.6 మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరుకి 625 చుట్లు. మన డిగ్రీ కాలేజీల ఫిజిక్స్ ల్యాబుల్లో స్పెక్ట్రోమీటర్ మీద పెట్టే గ్రేటింగ్‌కి అంచున ‘15000 ఎల్‌పీఐ’ అని రాసి ఉండటం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అంగుళానికి పదిహేను వేల గీతలు. ఎడం లెక్క కడితే 1.69 మైక్రోమీటర్లు. ల్యాబులో అద్దాల అలమారాలో తాళం వేసి దాచేదీ, పాటలు విని పారేసిందీ దాదాపు ఒకే ఎడం ఉన్న గ్రేటింగులు.

ఇక్కడ లేజర్‌ని పడుకోబెట్టనక్కర్లేదు, నిటారుగానే కొట్టాలి. ఒక అట్టకి చిన్న కంత పెట్టి, దాని వెనక లేజర్, ముందు 20 సెంటీమీటర్ల దూరంలో సీడీ, మెరిసే వైపు అట్టని చూసేలా నిలబెట్టాలి. వెనక్కొచ్చే మధ్య చుక్క మళ్లీ కంతలోనే పడేదాకా సీడీని సర్దితే కిరణం నిటారుగా పడుతున్నట్టు. కిరణం సీడీ నడుమ కంత దగ్గర కాక, బయటి అంచు వైపు తగలాలి. అక్కడ చుట్లు పెద్దవి కాబట్టి, కిరణం పడినంత మేర దాదాపు తిన్నటి గీతల్లా ఉంటాయి, చుక్కలు సాగిపోవు. అట్ట మీద కంతకి అటొకటి ఇటొకటి చుక్కలు కనిపిస్తాయి. రెండు వైపులా కొలిచి సగటు తీసుకుంటే సీడీ కాస్త వంకరగా ఉన్నా చాలావరకు సర్దుకుంటుంది.

మన 650 లేజర్‌కి చుక్క కంత నుంచి 89 మిల్లీమీటర్ల దూరంలో పడుతుంది. సీడీకీ అట్టకీ 200. ఈ రెండూ లంబకోణ త్రిభుజం భుజాలు, కర్ణం 218.9. 89ని 218.9తో భాగిస్తే 0.4066. దాన్ని 1600తో గుణిస్తే 650 నానోమీటర్లు. అయిదు నిమిషాల పని. మీద ఉన్న 1.2 మిల్లీమీటర్ల పారదర్శక ప్లాస్టిక్ పొరలో కాంతి వంగుతుంది కదా, లెక్క తప్పదా అని అడిగే విద్యార్థులుంటారు, మంచి ప్రశ్నే. లోపల తరంగదైర్ఘ్యం కుదించుకుపోతుంది, కోణం కూడా తగ్గుతుంది. బయటికొచ్చేటప్పుడు వంగి మళ్లీ అసలు కోణానికే వస్తుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, పొరని మరిచిపోవచ్చు.

ఇంత సులువైనప్పుడు స్కేలుతో తంటాలెందుకు? ఆ 1.6 ఎక్కడి నుంచి వచ్చిందన్నది చూడాలి. మీరు దాన్ని కొలవలేదు. సీడీ ప్రమాణ పత్రంలో ఉన్న అంకె అది, అందులోనే 0.1 అటూ ఇటూ ఉండొచ్చని సడలింపు ఉంది. అంటే వందకి ఆరు వంతుల తేడా. ఇది కాగితం మీద సడలింపు మాత్రమే కాదు. 74 నిమిషాలు పట్టే డిస్క్‌లో చుట్ల ఎడం 1.6. తర్వాత మన దగ్గర విరివిగా అమ్మిన 80 నిమిషాల, 700 ఎంబీ డిస్క్‌ల్లో అదే వెడల్పులో ఎక్కువ పట్టించడానికి చుట్లని దగ్గరికి జరిపారు.

ఎంత జరిపారో మనమే లెక్క కట్టొచ్చు. డిస్క్ తిరిగేటప్పుడు సుడి గీత చదివే లేజర్ కింద సెకనుకి సుమారు 1.2 మీటర్లు కదులుతుంది. 80 నిమిషాలకి 5760 మీటర్లు, దాదాపు ఆరు కిలోమీటర్ల గీత. సమాచారం ఉండే భాగం లోపలి వ్యాసార్ధం 25 మిల్లీమీటర్లు, బయటిది 58. ఆ పట్టీ వైశాల్యం సుమారు 8600 చదరపు మిల్లీమీటర్లు. వైశాల్యాన్ని గీత పొడవుతో భాగిస్తే చుట్ల ఎడం వస్తుంది, సుమారు 1.5 మైక్రోమీటర్లు. ఇదే లెక్క 74 నిమిషాలకి కడితే 1.6 వస్తుంది. ఇప్పుడు 80 నిమిషాల డిస్క్‌తో ప్రయోగం చేసి, పుస్తకంలో ఉందని 1.6తో గుణిస్తే, 650 లేజర్‌కి 693 అని జవాబొస్తుంది. కనిపించే వెలుగు హద్దులోనే ఉంది, రంగు ఎరుపే, అనుమానించడానికి కారణమేదీ కనిపించదు. స్కేలు తప్పు చేస్తే అరిచి చెబుతుంది, సీడీ తప్పు చేస్తే మర్యాదగా ఊరుకుంటుంది.

స్కేలు గీతలు మాత్రం కంటికి కనిపిస్తాయి. 300 గీతలు లెక్కపెట్టి, ఇంకో స్కేలు పక్కన పెట్టి సరిచూసుకోవచ్చు. పైగా ఆ మిల్లీమీటరు వెనక పెద్ద వంశవృక్షముంది. షాలో వ్యాసం రాసేనాటికి మీటరు అంటే లోహపు కడ్డీ కాదు. 1960లో దాన్ని క్రిప్టాన్-86 అణువు వెలువరించే ఒక నారింజ కాంతి తరంగదైర్ఘ్యానికి 16,50,763.73 రెట్లుగా నిర్వచించారు. స్కేలుతో కాంతిని కొలవబోతే ఆ స్కేలుకే కాంతి కొలత. 1983 నుంచి మీటరుకి కాంతి వేగమే ఆధారం.

అందుకని రెండిటినీ వాడేటప్పుడు వరస ముఖ్యం. ముందు స్కేలుతో లేజర్ తరంగదైర్ఘ్యం తేల్చుకోవాలి. తర్వాత అదే లేజర్‌ని సీడీ మీద కొట్టి, ఈసారి తరంగదైర్ఘ్యం తెలిసినదిగా, చుట్ల ఎడం తెలియనిదిగా లెక్క తిప్పాలి. 651 నానోమీటర్ల లేజర్‌కి చుక్క 89 దగ్గర కాక 96 మిల్లీమీటర్ల దగ్గర పడితే ఆ డిస్క్ ఎడం 1.5. ఇలా ఒకసారి తూకం సరిచూసిన సీడీ తర్వాత పచ్చ లేజర్‌కీ ఊదా లేజర్‌కీ పనికొస్తుంది, స్కేలు కంటే చప్పున. పచ్చ పాయింటర్లు సాధారణంగా 532 నానోమీటర్లు. 1064 నానోమీటర్ల పరారుణ కాంతిని స్ఫటికంలో సగానికి కుదిస్తే వచ్చే రంగది, కాబట్టి ఒక్కో పాయింటర్‌కీ పెద్దగా మారదు. పచ్చ లేజర్ దొరికితే సీడీని సరిచూడటానికి అదే మంచి సాక్షి. కాకపోతే చవకరకం వాటిలోంచి ఆ పరారుణం కూడా కంటికి తెలియకుండా బయటికొస్తుంది, అక్కడ జాగ్రత్త రెట్టింపు కావాలి.

సీడీ బదులు డీవీడీ పెడితే చుట్ల ఎడం 0.74 మైక్రోమీటర్లు. ఎర్ర చుక్క 61 డిగ్రీలు పక్కకి పోతుంది, 20 సెంటీమీటర్ల దూరంలో అట్ట 37 సెంటీమీటర్లయినా వెడల్పుండాలి ఒక్కో వైపూ. బ్లూరే డిస్క్‌లో ఎడం 0.32. అది ఎర్ర కాంతి తరంగదైర్ఘ్యంలో సగం కంటే తక్కువ. నిటారుగా కొడితే ఏ రంగు పాయింటర్‌కీ పక్క చుక్క రాదు, ఉత్త అద్దంలా ఉంటుంది. డిస్క్‌ని వాలిస్తే మాత్రం పచ్చ లేజర్‌కి చుక్క దొరుకుతుంది. సుమారు 56 డిగ్రీలు వాల్చినప్పుడు అది సరిగ్గా లేజర్ వైపే తిరిగొస్తుంది. వాలు ఎంత పెంచినా చేరగల హద్దు ఎడానికి రెట్టింపు, అంటే 640 నానోమీటర్లు. 650 ఎర్ర పాయింటర్ ఆ హద్దుకి పది నానోమీటర్లు అవతల ఉంది, బ్లూరేని ఏ పక్కకి తిప్పినా దానికి పక్క చుక్క రాదు.